ఛేజ్ సీన్‌కు ఒకటే ఫ్రేజ్ తిప్పుతున్నా, టెన్షన్ మొదటి పది సెకన్లలోనే అయిపోతోంది

నల్లగొండ_నవీన్
అందరికీ నమస్తే. దోస్తులతో కలిసి తీసిన 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కు బ్యాక్‌గ్రౌండ్ నేనే చేస్తున్నా. అందులో 80 సెకన్ల ఛేజ్ ఉంది. అక్క పెళ్లి కోసం తాకట్టు విడిపించుకొచ్చిన గొలుసు సంచిలో పెట్టుకొని ఒక పిల్లగాడు బస్టాండ్ దగ్గర దిగుతాడు, ఇద్దరు వెంటపడతారు. ప్రకాశం బజార్ సందుల్లో ఉరుకుతాడు, ఉల్లిగడ్డ బస్తాల మీద పడతాడు, వాటి వెనకే కాసేపు దాక్కుంటాడు, మళ్లీ దొరికిపోతాడు, ఆఖరికి లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లెక్కుతాడు. పైకి చేరగానే జేబులో ఫోన్ మోగుతుంది. అక్కడ కట్.

నేను ఒక చిన్న ఫ్రేజ్ కట్టుకొని సెల్లో సౌండ్‌తో మొదటి నుంచి చివరిదాకా తిప్పాను. దాని మీద వయొలిన్లు, డ్రమ్స్, గుండె దడ లాంటి బూమ్, అన్నీ ఒక్కోటి కలుపుతూ పోయాను. కలిపినప్పుడల్లా బాగుందనిపించింది. మొత్తం సినిమాలో పెట్టి చూస్తే మాత్రం పది సెకన్ల తర్వాత చెవి దాన్ని పట్టించుకోవడమే మానేస్తోంది. గుట్ట మెట్ల దగ్గరకు వచ్చేసరికి సౌండ్ పెద్దగా ఉంది, భయం లేదు. నాలుగు రోజులుగా దీంతోనే కొట్టుకుంటున్నా. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

స్పీడ్_శేఖర్
తమ్మీ, టెంపో పెంచు. అంతకన్నా ఏం లేదు. 120 దగ్గర మొదలుపెట్టి ప్రతి పది సెకన్లకు 5 చొప్పున పెంచుకుంటూ పో, చివరికి 155 దాటుతుంది. వినేవాళ్లకు తెలియకుండానే గుండె వేగం పెరుగుతుంది. నేను రెండు షార్ట్ ఫిల్ములకు ఇట్లనే చేశాను, మంచిగ పని చేసింది.

దేవరకొండ_డీజే
ఫ్రీగా దొరికే ఛేజ్ మ్యూజిక్ చాలా ఉంది అన్నా, ఎందుకు ఇంత కష్టం? కాకపోతే కాపీరైట్ క్లెయిమ్ రాకుండా లైసెన్స్ చూసుకొని డౌన్‌లోడ్ చెయ్. లింకులు కావాలంటే పంపుతా.

నల్లగొండ_నవీన్
థాంక్స్ భాయ్, కానీ దొరకక కాదు. సీన్‌కు కొలిచి నేనే కట్టాలని.
శేఖరన్నా, అది కూడా చేసి చూశా. టెంపో మారుతుంటే పడిపోయే షాట్‌కు, దొరికిపోయే షాట్‌కు మ్యూజిక్ కలవడం లేదు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట జరిగిపోతోంది.

శ్రుతి_మిర్యాలగూడ
నవీన్, ఒక చిన్న పని చెయ్యి. నీ ట్రాక్‌లో మొదటి ఐదు సెకన్లు మాత్రమే పెట్టుకొని, సెకనుకు ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టు. సెల్లో నోట్ అయినా డ్రమ్ అయినా, చెవికి కొత్తగా తగిలే ప్రతిదీ ఒకటే. తర్వాత గుట్ట మెట్ల దగ్గర ఐదు సెకన్లు లెక్కపెట్టు. రెండు నంబర్లూ ఇక్కడ రాయి. టెంపో ఎంత పెట్టావు, వీడియో ఎన్ని ఫ్రేములది అన్నది కూడా.

నల్లగొండ_నవీన్
అక్కా, లెక్కపెట్టాను. టెంపో 140. వీడియో 25 ఫ్రేములు. సెల్లో ఫ్రేజ్ బీట్‌కు నాలుగు నోట్ల చొప్పున ఉంది కాబట్టి మొదట్లోనే సెకనుకు తొమ్మిదికి పైన వస్తున్నాయి. గుట్ట దగ్గర కూడా అవే తొమ్మిది. మిగతా వాయిద్యాలన్నీ ఆ తొమ్మిది దెబ్బల మీదే పడుతున్నాయి. ఇది ఇప్పటిదాకా గమనించలేదు.

శ్రుతి_మిర్యాలగూడ
నీ తప్పు అక్కడే ఉంది. నువ్వు పెంచింది బరువు, వాల్యూమ్. దెబ్బల రద్దీ మొదటి బార్ నుంచీ నిండుకుండ. చెవి వాల్యూమ్‌కు తొందరగా అలవాటు పడుతుంది, పైగా చూసేవాళ్లు ఫోన్‌లో సౌండ్ తగ్గించుకుంటే నువ్వు పెంచినదంతా పోతుంది. రద్దీ పోదు. ఎంత చిన్నగా పెట్టుకుని విన్నా సెకనుకు రెండు దెబ్బలు ఎనిమిదైతే తెలుస్తుంది.

రావెల్ 1928లో రాసిన బొలేరోలో స్నేర్ డ్రమ్ మొదటి నుంచి చివరిదాకా ఒకే లయ వాయిస్తుంది, చుట్టూ వాయిద్యాలు పెరుగుతూ పోతాయి. అది పావుగంట నడిచే ముక్క, మెల్లగా పెరగడమే దాని పని. నీకున్నది 80 సెకన్లు. మూడుసార్లు సీన్ మలుపు తిరుగుతుంది. బరువు మీద ఆధారపడితే సరిపోదు.

శేఖర్ చెప్పింది పూర్తిగా తప్పని అనను. వేగం పెరిగిందన్న అనుభూతి రావాలన్నది నిజమే. కానీ టెంపోను కదపకుండా లోపల నోట్లను దగ్గర చేస్తే అదే అనుభూతి వస్తుంది, షాట్లకు కొలత కూడా చెడదు. ముందు నీ టెంపోను 150కి మార్చు. 25 ఫ్రేముల వీడియోలో 150 అంటే ఒక్కో బీట్ సరిగ్గా 10 ఫ్రేములు, నాలుగు బీట్ల బార్ 40 ఫ్రేములు. నీ 80 సెకన్లు 2000 ఫ్రేములు, అంటే 50 బార్లు. ఇక క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. వీడియో 24 ఫ్రేములదైతే 144 పెట్టుకుంటే అదే లెక్క వస్తుంది.

ఇప్పుడు నీ ఫ్రేజ్ ఏమిటో చెప్పు. స్వరాలు రాస్తే చాలు.

నల్లగొండ_నవీన్
కీబోర్డులో డి ని స అనుకొని వాయిస్తున్నా. స రి గ మ ప మ గ రి, దాన్నే రెండుసార్లు. రి శుద్ధం, గ సాధారణం.

మృదంగం_సూర్యాపేట
బాబూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నేను ముప్పై ఏళ్లుగా మృదంగం చెబుతున్నాను, సినిమా సంగతి తెలియదు. కానీ మీరు మాట్లాడుతున్నది మాకు మొదటి పాఠాల్లోనే ఉంటుంది. సరళీ వరుసలు మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం చేయిస్తాం కదా. చేత్తో వేసే తాళం మారదు, అదే నడక. నోట్లో స్వరాలు రెట్టింపు, ఆపైన నాలుగింతలు అవుతాయి. తాళం వేసే చెయ్యి తొందరపడిందంటే పిల్లవాడికి మొట్టికాయ పడుతుంది. మీ టెంపో అంటే ఆ చెయ్యి. దాన్ని కదపకండి.

ఇంకొక మాట. ఆ ఫ్రేజ్ ఎక్కడం దిగడంలాగా సాఫీగా ఉంది, ఎక్కడా ఊపు లేదు. ఎనిమిదిని నాలుగు నాలుగుగా కాక తకిట తకిట తక అని విరిచి చూడండి. మూడు, మూడు, రెండు. ఆ చివరి తక దగ్గర కాలు తడబడ్డట్టు ఉంటుంది, ఉరికేవాడి నడక లాగే.

శ్రుతి_మిర్యాలగూడ
సార్, చాలా సరిగ్గా చెప్పారు. నవీన్, సార్ చెప్పిన విరుపు మీద ఇట్ల వాయించి చూడు: ససస రిసస గరి. ఎనిమిదే నోట్లు, మూడే స్వరాలు. తకిట మొదటి నోట్ స, రెండో తకిట మొదటి నోట్ రి, తక మొదటి నోట్ గ. ఊనిక ఆ మూడింటి మీదే. చివరి రి మళ్లీ స లోకి జారిపోతుంది కాబట్టి ఎక్కడ ఆగినా పూర్తయినట్టు ఉండదు. తిరిగే ఫ్రేజ్‌కు ఆ గుణం కావాలి. నీ పాత ఫ్రేజ్‌లో మ, ప దాకా ఎక్కి దిగడం వల్ల ప్రతి సారీ ఒక చిన్న పాట ముగిసినట్టు అవుతోంది. పాట ముగిస్తే భయం కూడా ముగుస్తుంది.

ఇక రద్దీ. చివరి నుంచి వెనక్కి కట్టు. గుట్ట మెట్ల దగ్గర బార్‌కు 16 నోట్లు, అంటే సెకనుకు పది. అది నీ దగ్గరున్న ఎక్కువలో ఎక్కువ, దాన్ని అంతకుముందు ఎక్కడా ఖర్చు పెట్టొద్దు. అక్కడి నుంచి వెనక్కి వస్తూ తీసేస్తూ పో. A, B బస్తాల మీద పడేదాకా, చెరి 12 బార్లు. C బస్తాల వెనక దాక్కునే చోటు, ఆరు బార్లు. D దొరికిపోయినప్పటి నుంచి, 12 బార్లు. E గుట్ట మెట్లు, ఎనిమిది బార్లు. కింద ఒక్కో వరుస ఒక బార్, 16 గదులు. x ఉన్నచోట నోట్.

```
A  x-----x-----x---
B  x-x-x-x-x-x-x-x-
C  x---------------
D1 x-x-xxx-x-xxx-x-
D2 x-x-xxx-x-xxxxxx
E  xxxxxxxxxxxxxxxx
```

A లో ఊనిక నోట్లు మూడే: స, రి, గ. మధ్యలో ఖాళీ. చూసేవాడు ముందు అస్థిపంజరం వింటాడు. B లో మిగతా స్వరాలు వచ్చి ఆ ఖాళీలు నిండుతాయి, కానీ కొత్త ఫ్రేజ్ అనిపించదు, ఇంతసేపూ అక్కడే దాగి ఉన్నదే బయటికి వచ్చినట్టు ఉంటుంది. D1 లో కలిపినవి రెండే నోట్లు, రెండూ ఊనికకు సరిగ్గా ముందు పడతాయి, వెనక నుంచి ఎవరో తోసినట్టు. D2 లో ఆ తోపు బార్ చివరంతా పాకుతుంది. బార్‌కు 3, 8, 10, 12, 16. పెరిగేది సంఖ్యే, ఊనిక పడే మూడు చోట్లు మాత్రం మొదటి బార్ నుంచి యాభయ్యో బార్ దాకా కదలవు.

నల్లగొండ_నవీన్
అక్కా, C లో బార్‌కు ఒకటే నోట్ ఏంటి? అది బస్తాల వెనక దాక్కునే చోటు కదా, అక్కడే కదా టెన్షన్ ఎక్కువ ఉండాల్సింది?

శ్రుతి_మిర్యాలగూడ
అందుకే ఒకటే నోట్. అప్పటికి 24 బార్లుగా ఆ లయ చెవిలో తిరుగుతోంది, నువ్వు తీసేసినా చూసేవాడి లోపల అది ఆగదు. ఊపిరి శబ్దం, బస్తా రాసుకున్న శబ్దం, వెతికేవాళ్ల చెప్పుల చప్పుడు, అన్నీ ఆ ఖాళీలో వినపడతాయి. దానికి తోడు, D కి వచ్చినప్పుడు పది నోట్లు వింటుంటే ఎనిమిది తర్వాత పది లాగా ఉండదు, ఒకటి తర్వాత పది లాగా ఉంటుంది.

దేవరకొండ_డీజే
నేను ముందు ప్రశ్న వేరేలా అర్థం చేసుకున్నా, సారీ. కానీ ఇది నాకు బారాత్‌లలో అనుభవమే. మొదటి పాట నుంచే ఫుల్ బీట్ కొడితే జనం అరగంటకే అలసిపోతారు. బీట్ ఆపేసి రెండు లైన్లు గొంతు మాత్రమే వదిలి మళ్లీ బీట్ వేస్తే అప్పుడు అందరూ ఒక్కసారి లేస్తారు. నేను వాల్యూమ్ కదపను, ఆ గ్యాపే పని చేస్తుంది. సినిమాలో కూడా అదే అయితే C ని ఆరు బార్లు కాకుండా ఇంకా పొడుగు పెట్టొచ్చేమో.

మృదంగం_సూర్యాపేట
అమ్మా శ్రుతీ, ఒక సందేహం. ఎనిమిది నుంచి పదహారుకు మధ్యలో పది, పన్నెండు అని మీరు వాడింది చతురశ్రంలోనే దెబ్బలు కలపడం. దానికి బదులు అక్కడ తిశ్ర గతి వేస్తే? బీట్‌కు మూడు, బార్‌కు పన్నెండు. రెండు, మూడు, నాలుగు అని మెట్లు సమానంగా ఉంటాయి. కచేరీలో తనిలో అది వేస్తే సభ కదిలిపోతుంది.

శ్రుతి_మిర్యాలగూడ
సార్, నేనూ ఒకసారి ప్రయత్నించాను. తిశ్రం విడిగా చాలా అందంగా వస్తుంది, గుర్రం దౌడులాగా. కానీ ఈ ఫ్రేజ్‌కు ఒక చిక్కుంది. మన రెండో ఊనిక ఒకటిన్నర బీట్ దగ్గర పడుతోంది. బీట్‌ను మూడుగా కోస్తే ఆ సగం దగ్గర గీతే ఉండదు. అంటే తకిట తకిట తక విరిగిపోతుంది, ఊనికలు వేరేచోట పెట్టుకోవాలి. అప్పుడది వేరే ఫ్రేజ్ అయిపోతుంది. మీ తనిలో సభకు తాళం కళ్లెదురుగా కనిపిస్తుంది, చేతులు వేస్తుంటారు. సినిమా చూసేవాడి చేతిలో తాళం లేదు, ఫ్రేజే అతని తాళం.

మృదంగం_సూర్యాపేట
ఆ ఒకటిన్నర బీట్ మాట నిజం, ఒప్పుకుంటాను. అయినా ఆఖరి బార్ ఒక్కదానిలో, ఎలాగూ ఆగిపోయే చోట, తిశ్రంలో తీర్మానం లాగా వేసి ఆపితే ఎలా ఉంటుందో బాబు ఒకసారి విని చూడాలని నా కోరిక.

కట్_టు_కట్
ఎడిటర్ వైపు నుంచి రెండు మాటలు. మీరందరూ బార్లు, బీట్లు అంటున్నారు, కట్‌లు ఎప్పుడూ బార్ మీద పడవు. నవీన్, బస్తాల మీద పడే ఫ్రేమ్ నంబర్ ఎంత? దొరికిపోయే ఫ్రేమ్ ఎంత?

రెండోది అడుగుల చప్పుడు. ఉరికే మనిషి అడుగులు నిమిషానికి 150 నుంచి 180 మధ్య పడతాయి. నీ టెంపో 150. మీ హీరో 160 దగ్గర ఉరుకుతుంటే అడుగు, బీట్ ఒకసారి కలుస్తాయి, తర్వాత విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. చూసేవాడికి కారణం తెలియదు కానీ మ్యూజిక్ తప్పులో ఉన్నట్టు అనిపిస్తుంది. నేను మహబూబ్‌నగర్‌లో ఒక షార్ట్ ఫిల్మ్‌కు ఎడిట్ చేసినప్పుడు వారం రోజులు మ్యూజిక్ చేసినతన్ని అనుమానించాను, చివరికి చూస్తే తేడా అడుగుల్లో ఉంది.

నల్లగొండ_నవీన్
పడే ఫ్రేమ్ 947. దొరికిపోయేది 1192. మెట్ల మొదటి షాట్ 1668. ఫోన్ మోగేది 2000.
అడుగులు బజార్ షాట్‌లో లెక్కపెట్టా, 6 సెకన్లలో 16. అంటే నిమిషానికి 160. అన్న చెప్పిన సమస్యే.

శ్రుతి_మిర్యాలగూడ
అడుగుల మాట నాకు తట్టలేదు, మంచి విషయం చెప్పారు. షాట్‌లో కాళ్లు కనపడనిచోట అడుగుల శబ్దం తీసెయ్యి, ఊపిరి ఉంచు. కాళ్లు కనపడేచోట నాలుగైదు అడుగులు మాత్రమే వినిపించి మ్యూజిక్ కింద కలిపేస్తే చాలు.

ఇప్పుడు ఫ్రేములు. A కి 12 బార్లు, B కి 12 బార్లు. 24 బార్లు అయ్యేసరికి ఫ్రేమ్ 960. పిల్లగాడు 947 దగ్గరే పడుతున్నాడు, అంటే మ్యూజిక్ 13 ఫ్రేములు ఆలస్యం, అర సెకను. ఇది బాగా తెలుస్తుంది. ఒక బీట్ తీసేస్తే 10 ఫ్రేములు తగ్గి 950 అవుతుంది. మూడు ఫ్రేములు ఆలస్యం మిగులుతుంది, దాన్ని వదిలెయ్. దెబ్బ కళ్లకు కనపడ్డాక రవ్వంత ఆగి మ్యూజిక్ పడితే కన్ను ఒప్పుకుంటుంది. ముందే పడితే మాత్రం మ్యూజిక్‌కు కథ ముందే తెలిసినట్టు ఉంటుంది.

మరి ఏ బీట్ తీయాలి? 24వ బార్‌లో తకిట తకిట తక లోని ఆ చివరి తక తీసెయ్యి. సరిగ్గా ఒక బీట్ పోతుంది. ససస రిసస అని వచ్చి గరి రావాల్సినచోట పిల్లగాడు బస్తాల మీద ఉంటాడు. 23 బార్లుగా వింటున్నది ఒక్కసారి నోట్లోంచి జారిపోతుంది. అతని కాలు జారినట్టే.

తర్వాత C ఆరు బార్లు, 950 నుంచి 1190. నీ ఫ్రేమ్ 1192. ఇక్కడ మ్యూజిక్ రెండు ఫ్రేములు ముందుంది, C లో చివరి బార్ ఖాళీగానే ఉంది కాబట్టి D మొదటి నోట్‌ను ఒక్కదాన్ని కాస్త ఆలస్యంగా పడేట్టు జరిపితే సరి. D పన్నెండు బార్లు, 1670 దాకా, మెట్ల షాట్‌కు రెండు ఫ్రేముల తర్వాత. E ఎనిమిది బార్లు, 1990. ఫోన్ 2000 దగ్గర. మధ్యలో పది ఫ్రేములు మిగిలాయి చూశావా? పడినప్పుడు తీసేసిన బీట్ ఇక్కడికి వచ్చింది. దాన్ని నిశ్శబ్దంగా వదిలెయ్. ఆ ఒక్క బీట్ మౌనం తర్వాత ఫోన్.

ఒక్క మాట డీజే తమ్ముడికి: C ని పొడిగించాలంటే బొమ్మ పొడుగు ఉండాలి. ఇక్కడ కట్ అప్పటికే అయిపోయింది.

స్పీడ్_శేఖర్
అక్కా, ఇంత లెక్క నేను ఎప్పుడూ వేయలేదు, చదువుతుంటే నాకూ అర్థమవుతోంది. కానీ చివరి ఎనిమిది బార్లలో మాత్రం టెంపో కొంచెం తోస్తే తప్పేంటి? అక్కడ అందుకోవాల్సిన షాట్ ఫోన్ ఒక్కటే కదా. 150 నుంచి 156 దాకా మెల్లగా. మనిషి వాయిస్తే అట్లనే అవుతుంది.

శ్రుతి_మిర్యాలగూడ
చెయ్యొచ్చు. అక్కడ నీ మాటకు బలముంది. కాకపోతే టెంపో తోస్తే 1990 కన్నా ముందే అయిపోతుంది, మౌనం పొడుగవుతుంది. విని నవీనే తేల్చుకోవాలి.

డప్పు_పాలమూరు
తమ్మీ, ఇంత మంచి సీన్‌కు డ్రమ్స్ మొత్తం కంప్యూటర్‌వేనా? గుట్ట మెట్ల దగ్గర డప్పు పెట్టు. మీరు చెప్పే రద్దీ డప్పులో రెండు చేతుల్లో విడివిడిగా ఉంటుంది. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ బరువు, అది మీ ఊనిక. సన్న పుల్ల చిటచిటలు మధ్యలో నిండుతాయి. సిర్రను మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉంచి పుల్లను మాత్రమే పెంచుకుంటూ పోవచ్చు, మా దగ్గర ఊరేగింపు గుడి దగ్గరికి వచ్చేటప్పుడు చేసేది అదే.

కానీ రికార్డింగ్‌లో జాగ్రత్త. డప్పును మంటకు కాస్తేనే తోలు బిగుస్తుంది, గొంతు లేస్తుంది. చల్లారితే దిగిపోతుంది. ఒక టేక్ కాచిన వెంటనే కొట్టి, ఇంకో టేక్ టీ తాగొచ్చి కొట్టి రెండూ అతికిస్తే ఒకటే డప్పు అంటే ఎవరూ నమ్మరు. వానపడే రోజు ఇంకా కష్టం. D, E రెండింటికీ కావాల్సినవన్నీ ఒకే కాపులో కొట్టించుకో, ప్రతి నాలుగైదు నిమిషాలకు మళ్లీ మంట దగ్గరికి తీసుకుపో. ఫోన్‌తో రికార్డు చేస్తే ముఖానికి ఎదురుగా పెట్టకు, పక్కకు నాలుగు అడుగుల దూరంలో పెట్టు, లేకపోతే సిర్ర దెబ్బకు సౌండ్ పగిలిపోతుంది.

నల్లగొండ_నవీన్
అన్నా, డప్పు ఆలోచనే రాలేదు. మా గల్లీలో కొట్టేవాళ్లు ఉన్నారు, అడుగుతా.

ఇంతలో కొత్త వెర్షన్ కట్టాను. A, B, C అద్భుతంగా వచ్చాయి. 24వ బార్‌లో గరి తీసేసినచోట మా డైరెక్టర్ కుర్చీలో ముందుకు వంగిండు, ఏం చేశావని అడిగిండు. కానీ E లో కొత్త సమస్య. 16 నోట్లు వచ్చేసరికి సెల్లో మిషన్ కుట్టినట్టు టకటకటక అంటోంది, కింద అంతా బురదలా ఉంది. ఫోన్‌లో వింటే ఇంకా వింత, A లో అసలు ఏమీ వినపడటం లేదు.

శ్రుతి_మిర్యాలగూడ
మూడు వేర్వేరు విషయాలు.

టకటక వచ్చేది ఒకే రికార్డింగ్ ముక్క సెకనుకు పదిసార్లు మోగడం వల్ల. నీ సెల్లో సౌండ్‌లో ఒక్కో స్వరానికి రెండు మూడు వేరు వేరు ముక్కలు మార్చి మోగే ఏర్పాటు ఉందేమో చూడు. లేకపోతే 16 నోట్లనూ ఒక్క సెల్లోకే ఇవ్వకు. ఎనిమిది సెల్లోకు ఉంచి, మధ్యలో పడే ఎనిమిదిని వయోలాకు ఇవ్వు. రెండు వాయిద్యాలు ఒకదానికొకటి నోట్లు అందించుకుంటే మనుషులు వాయిస్తున్నట్టు ఉంటుంది. వెలాసిటీ కూడా ఒకేలా ఉంచకు. ఊనిక నోట్లు 100 దగ్గర, మిగతావి 60, 75 మధ్య. ఊనిక వినపడకపోతే 16 నోట్లు ఉత్త గొణుగుడు.

బురద రివర్బ్‌ది. ఎంత పెట్టావు? రెండున్నర సెకన్ల తోక ఉంటే సెకనుకు పది నోట్ల దగ్గర ఒకేసారి ఇరవై ఐదు నోట్ల తోకలు గాల్లో ఉంటాయి. A లో ఆ తోక బాగుంటుంది, ఖాళీ నింపుతుంది. రద్దీ పెరిగేకొద్దీ తోక తగ్గించుకుంటూ వచ్చి E లో అర సెకను దగ్గర ఆపు. కింది డబుల్ బాస్‌కు 16 నోట్లు అస్సలు ఇవ్వకు, అంత లోతులో చెవికి అవి విడివిడిగా అందవు. బాస్ మొదటి నుంచి చివరిదాకా బార్‌కు ఒకటో రెండో, అంతే.

ఫోన్‌లో A వినపడకపోవడానికి కారణం నీ స చాలా కింద ఉండటం. సెల్లో కింది డి 73 హెర్ట్జ్, ఫోన్ స్పీకర్ అక్కడ దాదాపు మూగ. ఫ్రేజ్‌ను ఒక స్థాయి పైకి, 147 దగ్గరి డి కి జరుపు, కిందిది నీడలా ఉంచు. తీగ మీద విల్లు గీరుకునే శబ్దం ఉన్న సౌండ్ ఎంచుకుంటే ఇంకా మేలు, ఫోన్‌లో మిగిలేది ఆ గీరుడే. షార్ట్ ఫిల్మ్ చూసేవాళ్లు ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు.

కట్_టు_కట్
E లో ఊపిరి ట్రాక్‌కు చోటు వదలండి దయచేసి. వయొలిన్లు, డప్పు పుల్ల, ఊపిరి అన్నీ ఒకే పై గొంతులో పోటీ పడతాయి. మెట్లెక్కే పిల్లగాడి ఊపిరి వినపడకపోతే ఆ షాట్ మొత్తం వృథా, అతను అదంతా నిజంగా ఉరికి చేశాడు.

నల్లగొండ_నవీన్
రివర్బ్ రెండున్నరే ఉండె అక్కా. తగ్గించగానే సగం బురద పోయింది. వయోలాకు మధ్య నోట్లు ఇచ్చాక మిషన్ చప్పుడు పోయింది. ఊపిరి కోసం వయొలిన్లు E లో పూర్తిగా తీసేశా, డప్పు పుల్ల వస్తే ఆ పని అదే చేస్తుంది.

మృదంగం సార్, మీ కోరిక ప్రకారం ఆఖరి బార్ తిశ్రంలో వేసి విన్నా. వినడానికి గొప్పగా ఉంది, కానీ ఆగబోతోందని ముందే చెప్పేస్తోంది. మామూలుగా 16 మీద నడుస్తూ కోసేస్తే ఆ మౌనం దెబ్బలా తగులుతోంది. రెండూ దాచుకున్నా, డైరెక్టర్‌కు రెండూ వినిపిస్తా. శేఖరన్న టెంపో తోపు ఇంకా చేయలేదు.

ఒకటి తేలడం లేదు. E మొదలయ్యేచోట ఫ్రేజ్ మొత్తాన్ని అర స్వరం పైకి ఎత్తితే, డి నుంచి ఈ ఫ్లాట్‌కు, గుట్ట ఎక్కుతున్నట్టు ఉంటుందని డైరెక్టర్ అంటున్నాడు. చేసి విన్నా, మొదటి రెండు బార్లు ఒళ్లు జలదరిస్తోంది, తర్వాత మామూలైపోతోంది.

శ్రుతి_మిర్యాలగూడ
నాకైతే ఎత్తకుండా ఉండటమే ఇష్టం. 42 బార్లుగా ఒకే స మీద నిలబడ్డావు, అతను తప్పించుకోలేకపోవడం ఆ స లోనే ఉంది.

మృదంగం_సూర్యాపేట
నేను ఎత్తమంటాను. మెట్లు ఎక్కుతున్నాడు కదమ్మా.

డప్పు_పాలమూరు
ఎత్తితే డప్పుకు ఏం తేడా లేదు తమ్మీ, మాకు స ఉండదు. కాకపోతే ఎప్పుడు రికార్డు చేసినా పొద్దున్నే ఎండ ముదరకముందు చెయ్యి. గడ్డి, పాత కాగితాలు దగ్గర పెట్టుకో, మంటకు.

నల్లగొండ_నవీన్
ఆదివారం పొద్దున ఆరింటికి మాట్లాడుకున్నాం అన్నా, పానగల్ చెరువు కట్ట మీద. D, E కలిపి ఇరవై బార్లు, ఒకే కాపులో.